నాలుగో నంబరు: వెంటనే లభ్యం

ఎవరి తెలివితక్కువతనాన్ని వాళ్లు నలుగురికీ తెలియకుండా దాచుకుంటారు. నేను నాదాన్ని ఇంగ్లీషులో టైపు చేసి, అక్షరదోషాలు సరిచూసి, రెండు వందల కంపెనీలకు ఈ-మెయిల్‌లో పంపించాను. అందులో అబద్ధం పెద్దదేమీ కాదు, ఒక్క వాక్యం: "పిలిచిన వారం రోజుల్లో చేరగలడు." ఆ మనిషి పిలిస్తే వినపడేంత దూరంలో ఉన్నాడా లేడా అని నేను కనుక్కోలేదు. కనుక్కోకుండా రాసినవాడిని రచయిత అంటారేమో గానీ, ఉద్యోగాలిప్పించేవాడని మాత్రం అనకూడదు.

కామారెడ్డిలో స్టేషన్ రోడ్డు మీద నాకొక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. డెబ్బైల చివర్లో ఆరు మిషన్లతో మొదలుపెట్టాను. పొద్దునా సాయంత్రం పరీక్షలకు కట్టేవాళ్లు వచ్చేవారు. మధ్యాహ్నాలు మిషన్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి దరఖాస్తులు, బయోడేటాలు కొట్టి ఇచ్చేవాణ్ణి. ఐటీఐ చదివినవాళ్లు, చక్కెర ఫ్యాక్టరీలో సీజను అయిపోయి దిగిపోయినవాళ్లు, దుబాయి పోదామని తిరిగేవాళ్లు, అందరూ నా ముందు స్టూలు మీద కూర్చొని తమ జీవితాన్ని ఒక్క పేజీలో సర్దమనేవారు. చాలామందికి అర పేజీ సరిపోయేది. మిగిలిన అర పేజీ నేను సర్దేవాణ్ణి.

ప్రతి బయోడేటాకూ ఒక కార్బన్ కాపీ ఉంచుకునే అలవాటు నాకుండేది. మొదటి కాపీ మనిషికి, రెండోది చెదపురుగులకు అని మా ఇంట్లో ఎగతాళి చేసేవారు. మళ్లీ వచ్చి "అదే ఇంకోటి కొట్టు సారూ" అంటే మొదటినుంచి అడగకుండా కొట్టడానికే ఉంచేవాణ్ణి. అలా పదిహేనేళ్లలో అట్టపెట్టెలు నిండాయి.

తొంభైల చివరికి కంప్యూటర్లు వచ్చి మిషన్ల చప్పుడు ఆగిపోయింది. నేనూ ఒక కంప్యూటరు కొన్నాను, దానికి మోడెమ్ పెట్టించాను. హైదరాబాదుకు ఎస్టీడీ కలిస్తే అది కాసేపు కీచుమని అరిచి ఈ-మెయిల్ పంపేది. ఊళ్లో ఈ-మెయిల్ ఉన్నవాడిని నేనొక్కణ్ణే కాబట్టి నాకు పంపేవాళ్లెవరూ లేరు.

అప్పుడు హైదరాబాదు నుంచి ఒక కన్సల్టెంటు గారు వచ్చారు. కోస్తా మనిషి. మెత్తటి మాట, గట్టి బూట్లు. ఫ్యాక్టరీలకు సాంకేతిక సిబ్బందిని సరఫరా చేసే ఏజెన్సీ ఆయనది. కంపెనీకి మనిషిని చూపించాలి, ఆ మనిషి చేరితే కంపెనీ వాళ్లు ఆయనకు ఒక నెల జీతమంత ఫీజు ఇస్తారు, మూడు నెలల్లో మానేస్తే ఇంకొకరిని ఊరికే ఇవ్వాలి. ఆయన కళ్లు నా అట్టపెట్టెల మీద పడ్డాయి. "మాస్టారూ, ఇది చెత్త కాదు, డేటా బ్యాంకు," అన్నారు. పదిహేనేళ్లుగా దాన్ని బయట పారేయమంటున్న ఇంట్లో నాకు ఒక్కసారిగా గౌరవం పెరిగింది.

మెయిల్ ఆయన చెప్పగా నేను కొట్టాను. అంతకుముందు పర్సనెల్ మేనేజర్లు అనిపించుకున్నవాళ్లు అప్పుడప్పుడే హెచ్.ఆర్. హెడ్లు అవుతున్నారు. ఆదివారం పేపర్లలో ఉద్యోగ ప్రకటనల కింద ఉన్న చిరునామాలు, ఆయన సంపాదించిన విజిటింగ్ కార్డులు కలిపి రెండు వందల తలలు తయారయ్యాయి. మెయిల్‌ను తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది:

"అయ్యా, సాంకేతిక ఉద్యోగం ఒక్క రోజు ఖాళీగా ఉన్నా మీ ఉత్పత్తికి నష్టం. మీ అవసరం తెలిపిన మూడు రోజుల్లో, మేము స్వయంగా పరిశీలించిన అభ్యర్థుల బయోడేటాలు మీకు చేరతాయి. వారంలో మనిషి మీ గేటు దగ్గర ఉంటాడు. మచ్చుకు కొందరి వివరాలు కింద ఇస్తున్నాం."

కింద ఎనిమిది మంది. పేర్లు ఉండవు, నంబర్లు మాత్రమే. పేరు, ఊరు చెప్తే కంపెనీ వాళ్లు మనల్ని దాటి నేరుగా వాళ్లను పిలుచుకుంటారు, మన ఫీజు పోతుంది. ఇది ఈ వ్యాపారంలో మొదటి పాఠం. రెండో పాఠం, ఎవరి వివరాలైనా కంపెనీకి చూపించేముందు వాళ్లను కలిసి, ఇప్పుడెక్కడున్నావు, వస్తావా, ఎప్పుడు వస్తావు అని అడగడం. మొదటి పాఠం నేను శ్రద్ధగా చదివాను.

నాలుగో నంబరును పెట్టెలోంచి తీసింది నేనే. మా పక్కన ఎల్లారెడ్డి అనే ఊరి మనిషి. ఫస్ట్ క్లాస్ బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్, చక్కెర ఫ్యాక్టరీలో తొమ్మిది సీజన్ల అనుభవం. కాగితం ఏడేళ్ల నాటిది. కార్బన్ నీలం వెలిసిపోయింది గానీ, అందులో ఒక వాక్యం మీద కొట్టివేత మాత్రం స్పష్టంగా ఉంది. దాన్ని చూడగానే మనిషి గుర్తొచ్చాడు. ఆనాడు నేను నా అలవాటు ప్రకారం అర పేజీ సర్దుతూ, నూనెతో మండే బాయిలర్లు కూడా నడపగలడని చేర్చాను. అతను ఇంగ్లీషు రాకపోయినా వేలు పెట్టి ఒక్కో లైనూ చదివించుకున్నాడు. అక్కడ ఆగాడు. "నేను చెరకు పిప్పి బాయిలరే నడిపిన సారూ. నూనెది ఎరుకలేదు. తీసెయ్యి," అన్నాడు. బాగుంటుందయ్యా, ఉండనీ అన్నాను. "బాయిలర్ కాడ అబద్ధం నడవది సారూ, పేలుతది," అన్నాడు. అందుకే ఆ వాక్యం మీద వరసగా ఎక్స్‌లు కొట్టాను.

ఏడేళ్ల తర్వాత అదే మనిషి మీద "వెంటనే లభ్యం, పిలిచిన వారంలో చేరగలడు" అని రాశాను. ఈసారి వేలు పెట్టి చదివించుకోవడానికి అతను ఎదురుగా లేడు.

ఇరవై ఇరవై చిరునామాల చొప్పున పది కట్టలుగా మెయిల్ పంపాను. వారంలో పదకొండు జవాబులు వచ్చాయి. అందులో ఏడుగురు నాలుగో నంబరునే అడిగారు. సర్టిఫికెట్ ఉన్న అటెండెంట్ లేకుండా బాయిలర్ నడపకూడదని చట్టం. ఫస్ట్ క్లాస్ వాళ్లు ఎక్కడా దొరకరు. హైదరాబాదు దారిలో ఉన్న ఒక మందుల ఫ్యాక్టరీ హెచ్.ఆర్. హెడ్ అయితే కన్సల్టెంటు గారికి ఫోనే చేశాడు. ఉన్న మనిషి మానేస్తున్నాడు, తనిఖీ వస్తోంది, నాలుగో నంబరును రేపే పంపమన్నాడు. నూనెతో నడిచే పెద్ద బాయిలర్ పక్కన పాతది చిన్నది ఇంకా ఊకతోనే నడుస్తోంది, నూనెది మేం నేర్పిస్తామని కూడా అన్నాడట.

ఇంటర్వ్యూ లెటరు, దాని వెనక మెయిల్ ప్రింటు పెట్టుకొని ఎల్లారెడ్డి బస్సెక్కాను. మనిషికి ఉద్యోగం మోసుకుపోతున్నానని కిటికీ పక్క సీట్లో కాస్త నిటారుగానే కూర్చున్నాను.

ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. గూన పెంకుల ఇల్లు, ముందర చిన్న అరుగు. అతని తల్లి అరుగు మీద కూర్చొని కంది పప్పు చెరుగుతోంది. నేను అతని పేరు చెప్పి, ఉన్నాడా అవ్వా, ఉద్యోగం వచ్చింది అన్నాను. ఆమె చేట కింద పెట్టింది. చాలాసేపు నా మొహంకేసి చూసింది. పక్కింట్లో ఉండే రిటైరైన బడిపంతుల్ని పిలిచి, నా చేతిలోని కాగితం చదవమంది. ఆయన కళ్లజోడు సరిచేసుకొని మెయిల్‌లో నేను చూపించిన నాలుగో నంబరు వివరాలు తెలుగులోకి మార్చి చదివాడు. మేము స్వయంగా పరిశీలించిన అభ్యర్థి. వెంటనే లభ్యం. వారంలో చేరగలడు.

"వారమా," అంది అవ్వ. "నువ్వు ఎప్పుడు చూసినవు బిడ్డా వాణ్ణి?"

పంతులు నా వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. మూడేళ్ల కింద అతను దుబాయి పోవడానికి బొంబాయి వెళ్లాడు. అక్కడినుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత ఏ కబురూ లేదు. బొంబాయి పోయి వెతికినవాళ్లకూ ఏమీ దొరకలేదు.

ఆ క్షణంలో నేను చెప్పాల్సింది ఒకటే. అవ్వా, నేను చూడలేదు, ఏడేళ్ల నాటి కాగితం చూసి రాశాను. పది మాటలైనా లేవు. నిమిషానికి అరవై మాటలు కొట్టే మనిషిని, ఆ పది మాటలు కొట్టలేకపోయాను. "మా రికార్డులో అట్లనే ఉన్నది అవ్వా," అన్నాను. రికార్డు అనే మాటకు ఎంత బలం ఉందో అప్పుడు చూశాను. పోలీసులకు రికార్డు ఉంటుంది, తహసీలుకు రికార్డు ఉంటుంది. ఆమె కాగితం నా చేతిలోంచి తీసుకొని, మడిచి, రొంటిన దోపుకుంది. నేను తిరిగి అడగలేదు.

తర్వాతి గురువారం, వారం సంత జరిగే అంగడి రోజు, ఆమె కామారెడ్డిలో నా ఇన్‌స్టిట్యూట్ ముందు కూర్చొని ఉంది. కొడుకు దిగాడా అని అడిగింది. ఇంకా లేదన్నాను. సరేనని సాయంత్రం బస్సుదాకా అక్కడే కూర్చుంది. నేను మిషన్ల మీద దుమ్ము తుడుస్తూ, తుడిచిన మిషన్నే మళ్లీ తుడుస్తూ గడిపాను. ఆపై గురువారం మళ్లీ వచ్చింది. ఈసారి అతని కాళ్లకు వేడి తగలకుండా వేసుకునే మందపాటి చెప్పులు తెచ్చింది. కొత్త ఫ్యాక్టరీలో పనికొస్తాయి, వాడు దిగితే ఇవ్వమంది. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక బయోడేటాల పెట్టె మీద పెట్టాను. మర్నాటి నుంచి ఆ పెట్టె తెరవలేకపోయాను.

ఫోను మోగితే కంపెనీల వాళ్లే. మెయిల్ కింద ఉన్నది కన్సల్టెంటు గారి నంబరే గానీ, నాలుగో నంబరు కోసం పట్టుబట్టినవాళ్లకు ఆయన నాది ఇచ్చేవారు. హెచ్.ఆర్. హెడ్ల కింది గుమాస్తాలు, నాలుగో నంబరు బయలుదేరాడా అని. వస్తున్నాడండీ అని నా నోరు దానంతటదే అనేది. అనగా అనగా నాకే ఒక అనుమానం పట్టుకుంది. బస్టాండులో బ్యాగు పట్టుకొని దిగే ప్రతి నల్లటి పొడగరి మనిషినీ ఆగి చూసేవాణ్ణి. హైదరాబాదు పోతుంటే రోడ్డు పక్క ఫ్యాక్టరీ చిమ్నీలోంచి పొగ లేస్తే, దాని అడుగున నిలబడి బాయిలర్ గేజీ చూస్తున్నది ఎవరో అనిపించేది. అంతమంది అతన్ని అడుగుతున్నారు, నేను వస్తాడంటున్నాను, వాళ్లమ్మ చెప్పులు కూడా తెచ్చింది. ఇక రావలసింది అతనొక్కడే.

కన్సల్టెంటు గారికి విషయం చెప్పి, ఆ నంబరు మెయిల్‌లోంచి తీసేద్దామన్నాను. ఆయన బాధపడ్డారు, నిజంగానే. రెండు నిమిషాలు పడ్డారు. తర్వాత అన్నారు: "తీసేస్తే ఎలా మాస్టారూ? జవాబులన్నీ దానికేగా వస్తున్నాయి. అడిగితే వేరే కంపెనీలో చేరిపోయాడని చెప్పండి, ఏడో నంబరును చూపించండి. ఈ ఫీల్డులో అందరూ చేసేదే."

ఏడో నంబరు సెకండ్ క్లాస్ సర్టిఫికెట్ వాడు, భిక్నూర్ దగ్గరే ఉంటాడు. అతన్ని నేను పోయి కలిశాను. మందుల ఫ్యాక్టరీ వాళ్లు గొణుక్కుంటూనే అతన్ని చిన్న బాయిలర్ మీదికి తీసుకున్నారు. అంటే ఆయన లెక్క తప్పు కాలేదు. లేనివాడిని చూపిస్తే ఉన్నవాడు అమ్ముడుపోయాడు. నేను రెండోసారి మెయిల్ పంపాను, నాలుగో నంబరుతో సహా. ఇది కూడా ఒప్పుకోవాల్సిందే.

ఒక మధ్యాహ్నం ఒక ముప్పై ఏళ్ల అమ్మాయి, వెంట ఆమె అన్న, ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు. బీడీలు చుట్టే వేళ్లు, గోళ్ల కింద తంబాకు రంగు. నాలుగో నంబరు భార్యనని చెప్పుకోలేదామె. అన్న చెప్పాడు. మూడేళ్లు అత్త దగ్గర ఉండి బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. ఇప్పుడు పెద్దమనుషులు కూర్చొని ఇడుపు కాయితం, అంటే విడాకుల పత్రం రాసి, ఆమెకు మారుమనువు చేద్దామనుకున్నారు. సంబంధం కూడా కుదిరింది, పెళ్లాం చచ్చిపోయిన మంచి మనిషి, హైవే మీద హోటలుంది. కూర్చునే రోజు అత్త రొంటినుంచి కాగితం తీసింది. పంతులు చదివాడు. కామారెడ్డి ఆఫీసు వాళ్లు వారంలో వస్తడని రాసి ఇచ్చిన్రు, మొగుడు బతికుండంగ ఇడుపు ఎట్ల రాస్తరు అంది. పెద్దమనుషులు లేచిపోయారు. అవతలివాళ్లు ఈ నెల దాటితే వేరే చూసుకుంటామన్నారు.

అన్న చెప్తున్నంతసేపూ ఆమె నా కంప్యూటరు వైపు చూస్తూ ఉంది. తర్వాత నన్ను చూసింది.

"ఆయన ఉన్నడా సారూ?"

నాకు తెలియదన్నాను.

"చచ్చిపోయిండా?"

అదీ తెలియదన్నాను.

"నాకూ ఎరుకలేదు. మూడేండ్ల సంది అదే మాట చెప్తున్న. నన్నెవ్వరు నమ్మలే. మీరు ఇంగిలీషుల రాస్తే నమ్మిన్రు." ఆమె గొంతు పెంచలేదు. "ఎరుకలేదన్న ముచ్చట అక్కడికొచ్చి చెప్పున్రి. గంతే."

కూర్చోమన్నాను, నీళ్లు తాగమన్నాను. ఆమె తాగలేదు. పెద్దమనుషులు మళ్లీ ఎప్పుడు కూర్చుంటారో ఆమె అన్న చెప్పి వెళ్లాడు. ఆ తర్వాతి గురువారం అవ్వ వచ్చినప్పుడు చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆమె సద్ది మూట విప్పి సగం జొన్నరొట్టె నాకిచ్చింది. నోరు తెరిచే ఉంది కాబట్టి తిన్నాను.

కూర్చునే రోజు ఎల్లారెడ్డి వెళ్లాను. వెలిసిపోయిన కార్బన్ కాపీ వెంట తీసుకుపోయాను. పంతులింటి అరుగు మీద నలుగురు పెద్దమనుషులు, ఒక పక్క పప్పు చేటతో అవ్వ, దూరంగా స్తంభం దగ్గర ఆ అమ్మాయి, ఆమె అన్న. నేను నిలబడే చెప్పాను. ఆ మెయిల్ కొట్టింది నేను. అతన్ని చూసి ఏడేళ్లయింది. ఈ పాత కాగితం చూసి, బతికున్నాడో లేడో అడగకుండా, వారంలో వస్తాడని రాశాను. కంపెనీలకు ఆశ పెట్టడానికి రాశాను. అది ఇక్కడిదాకా వస్తుందని అనుకోలేదు.

పెద్దమనుషుల్లో ఒకాయన చుట్ట ఆర్పి, "అంటే సారూ, మీరు లేని బర్రెకు పాలు పిండి అమ్ముతున్నరన్న మాట," అన్నాడు. మిగతావాళ్లు నవ్వలేదు. నాకు మాత్రం ఆ పోలిక సరిగ్గా ఉందనిపించింది, ఒక్క సవరణతో. ఆ పాలు కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు.

అవ్వ నన్ను తిట్టలేదు. రొంటినుంచి కాగితం తీసి, మడతలు విప్పి, మోకాలి మీద పెట్టుకొని చేత్తో సాపు చేసింది. తిట్టి ఉంటే నాకింత కాలం బాగుండేది.

"ఎన్ని ఫ్యాక్టరీలకు రాసినవు బిడ్డా?" అంది.

రెండు వందలన్నాను.

"అన్నిట్ల బాయిలర్లు ఉంటయా?"

చాలావాటిలో ఉంటాయన్నాను.

"మరి వాళ్ల కాడ మావోడు ఉన్నడా అని అడిగినవా?"

లేదన్నాను.

"పేరన్న రాసినవా?"

పేరు రాయలేదని చెప్పాను. ఎందుకు రాయలేదో చెప్పలేదు. రెండు వందల చోట్ల ఏదో ఒక బాయిలర్ దగ్గర ఉండగల మనిషిని, రెండు వందల చోట్లకూ అమ్మజూపాను. మీ దగ్గరున్నాడా అని ఒక్క చోట అడగలేదు. అతను అందులో ఏదో ఒక ఫ్యాక్టరీలోనే ఉండి, నాలుగో నంబరు అని ఎవరో బల్ల మీద పెట్టిన కాగితం పక్కనుంచే నడిచిపోయినా, ఎవరికీ తెలిసే వీల్లేకుండా నేనే చేశాను.

అవ్వ కాగితం నాకు తిరిగి ఇచ్చేసింది. కోడలి వైపు చూడకుండానే, "రాయున్రి," అంది పెద్దమనుషులతో. పంతులు ఇడుపు కాయితం రాశాడు. సాక్షి సంతకాల్లో ఒకటి నన్ను పెట్టమన్నారు. పెట్టాను. ఆ అమ్మాయి వచ్చి అత్త పక్కన కూర్చొని, చేటలో మిగిలిన పప్పు చెరగడం మొదలుపెట్టింది. నేను బస్సుకు లేచేటప్పటికీ చెరుగుతూనే ఉంది. నెలలోపే ఆమె పెళ్లయింది. నన్ను పిలవలేదు, పిలవకపోవడమే న్యాయం.

అవ్వ గురువారాలు రావడం మానేసింది. చెప్పులు మాత్రం నా దగ్గరే ఉండిపోయాయి. ఆమె రాకపోవడం వచ్చి కూర్చున్నదానికంటే బరువుగా ఉండేది. మధ్యాహ్నం పూట ఎవరైనా గుమ్మం దగ్గర నీడలా ఆగితే, నాకు తెలియకుండానే "ఇంకా లేదు అవ్వా" అనేవాణ్ణి. ఒకసారి కరెంటు బిల్లు తెచ్చిన మనిషితో అన్నాను. ఆయన బిల్లు చేతిలో పెట్టి, తొందరేం లేదు సార్ అని వెళ్లిపోయాడు.

ఇక్కడితో నేను ఆ ఏజెన్సీ పని మానేస్తే కథ నాకు మర్యాదగా ముగిసేది. నేను కన్సల్టెంటు గారికి ఉన్నదున్నట్లు చెప్పాను. ఇడుపు కాయితం సంగతి కూడా చెప్పాను. ఆయన "అయ్యో" అన్నారు. పదిహేను రోజుల తర్వాత ఆయన కొత్త మెయిల్ ముసాయిదా పంపారు. ఇప్పుడు పది మంది అభ్యర్థులు. మొదటి ముగ్గురి తర్వాత నాలుగో నంబరు అలాగే ఉన్నాడు. ఫస్ట్ క్లాస్ బాయిలర్ అటెండెంట్, వెంటనే లభ్యం. పక్కన ఆయన కొత్తగా చేర్చింది ఒకటుంది: "గిరాకీ ఎక్కువ, త్వరపడండి." చివర్లో, ఎప్పటిలాగే ఇరవై చొప్పున పంపండి మాస్టారూ అని నాకొక మాట.

ఆ ముసాయిదాను తెర మీద పెట్టుకొని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఆనాడు అతని వేలు ఆగినట్టే, నాలుగో నంబరు దగ్గర నా వేలు ఆగింది.

ఈమధ్య నేను కలిసివచ్చిన ఒకటి, రెండు, మూడు నంబర్లు అలాగే కొట్టాను. ఐదు నుంచి పది దాకా, నేను పోయి కలిసి వచ్చినవాళ్లను మాత్రం ఉంచాను. సబ్జెక్టు లైను ముట్టుకోలేదు. "సాంకేతిక సిబ్బంది, మూడు రోజుల్లో" అని ఉంటేనే ఆ తలలు మెయిల్ తెరుస్తాయి. నాలుగో నంబరు దగ్గర మొట్టమొదటిసారి పేరు రాశాను. తండ్రి పేరు, ఊరు రాశాను. ఆ కింద ఇలా:

"చెరకు పిప్పి బాయిలర్లలో తొమ్మిది సీజన్ల అనుభవం. నూనె బాయిలర్లు రావు. మూడేళ్లుగా ఇంటికి కబురు లేదు. ఇతను వెంటనే దొరుకుతాడని ఇంతకుముందు మేము రెండుసార్లు రాసింది అబద్ధం. ఈ మనిషి మీ బాయిలర్ దగ్గర ఉంటే అతనికి ఉద్యోగం ఇవ్వనక్కర్లేదు, మాకు ఫీజు ఇవ్వనక్కర్లేదు. వాళ్లమ్మ అడుగుతోందని ఒక్క మాట చెప్పండి. వివరాలకు కింది నంబరుకు ఫోను చేయండి."

కింది నంబరు ఎప్పటిలాగే కన్సల్టెంటు గారిది. దాన్ని నేనెందుకు మారుస్తాను?

హైదరాబాదు లైను మూడోసారికి కలిసింది. ఇరవై ఇరవై చొప్పున పది కట్టలూ పంపించి, మోడెమ్ తీగ గోడలోంచి పీకేశాను. మర్నాడు పొద్దున పదింటి నుంచి ఆయన ఆఫీసులో ఫోను ఆగకుండా మోగిందట. ఆయన ఆ వారమంతా ఒక్కొక్క హెచ్.ఆర్. హెడ్‌కూ ఎల్లారెడ్డి ఎక్కడుందో చెప్పుకోవలసి వచ్చిందట.